పది లక్షల మంది పిల్లలా, 72 బ్లాకులా?

ఒక పథకం పనిచేస్తుందో లేదో తేల్చే అధ్యయనం వార్తల్లోకి వస్తే, అందులో ఎంతమంది పాల్గొన్నారన్నదే ముందుగా మన కంట పడుతుంది. ఎక్కువ మంది ఉంటే ఫలితం గట్టిదని అనుకుంటాం. ఆ అంకె ఎంత తప్పుదోవ పట్టించగలదో ఉత్తరప్రదేశ్‌లో జరిగిన ‘డెవ్టా’ ప్రయోగం చూస్తే తెలుస్తుంది.

అయిదేళ్లు సాగిన ఈ ప్రయోగం పరిధిలో 72 బ్లాకులు, 8,338 అంగన్‌వాడీ కేంద్రాలు ఉన్నాయి. అయిదేళ్లలోపు పిల్లలు సుమారు పది లక్షల మంది. 36 బ్లాకుల్లో ఆరు నెలలకోసారి విటమిన్-ఎ ఇచ్చారు, మిగతా 36 బ్లాకుల్లో ఇవ్వలేదు. ఏ బ్లాకు ఎటువైపో లాటరీ పద్ధతిలో తేల్చారు. ఫలితాలు 2013లో లాన్సెట్‌లో వచ్చాయి. ఏడాది నుంచి ఆరేళ్ల లోపు పిల్లల మరణాలు ఒక్కో కేంద్రానికి సగటున విటమిన్ ఇచ్చిన చోట 3.01, ఇవ్వని చోట 3.15. తేడా 0.14. అంటే మరణాలు 4 శాతం తగ్గాయన్నమాట.

ఈ తగ్గుదల విటమిన్ వల్లనా, లేక కాకతాళీయమా? ముందు తప్పు దారిలో లెక్క వేసి చూద్దాం. ప్రతి మరణం మిగతావాటితో సంబంధం లేని విడి ఘటన అనుకుందాం. ఒక్కో వైపు దాదాపు 4,169 కేంద్రాలు. 3.01, 3.15 కలిపి 4,169తో భాగించి వర్గమూలం తీస్తే 0.038 వస్తుంది. కేవలం యాదృచ్ఛికంగా తేడా ఎంత అటూఇటూ ఊగవచ్చో చెప్పే ఈ కొలతే స్టాండర్డ్ ఎర్రర్. మనకు వచ్చిన 0.14 దీనికి మూడున్నర రెట్లు పైనే. రెండు రెట్లు దాటితేనే గణాంకపరంగా తేడా ఉందంటారు కాబట్టి, ‘విటమిన్-ఎతో శిశు మరణాలు తగ్గినట్టు రుజువు’ అని శీర్షిక పెట్టేయవచ్చు.

పరిశోధకులు అలా చేయలేదు. లాటరీ వేసింది బ్లాకులకు కాబట్టి 36 బ్లాకులను 36 బ్లాకులతోనే పోల్చారు. అప్పుడు స్టాండర్డ్ ఎర్రర్ 0.11 అయింది. తేడా దానికి 1.3 రెట్లు మాత్రమే. అంటే కాకతాళీయం కావడానికి బాగానే ఆస్కారం ఉంది. సమాచారం అదే, తేడా అదే, తీర్పు మాత్రం తారుమారైంది.

కారణం తేలికైనదే. ఒకే బ్లాకులోని పిల్లలు చాలావరకు ఒకే రకం నీళ్లు తాగుతారు, అదే ఆరోగ్య కేంద్రానికి వెళ్తారు, తట్టు వ్యాపిస్తే కలిసి జబ్బు పడతారు. అందుకే పక్కింటి పిల్లవాడి వివరం చేరినంత మాత్రాన కొత్త సమాచారం పూర్తిగా చేరినట్టు కాదు. ఎంత నష్టం జరుగుతుందో చెప్పే సూత్రం ఇది:

1 + (m − 1) × ICC

m అంటే ఒక్కో సమూహంలోని మనుషుల సంఖ్య. ICC అంటే వాళ్ల మధ్య పోలిక, సున్నా నుంచి ఒకటి వరకు. డెవ్టాలో రెండు స్టాండర్డ్ ఎర్రర్ల నిష్పత్తిని వర్గం చేస్తే సుమారు 8 వస్తుంది. బ్లాకుకు దాదాపు 14,000 మంది పిల్లలు కాబట్టి, మోటుగా చూస్తే ICC 0.0005 మాత్రమే. సమూహం పెద్దదైతే ఇంత చిన్న పోలికైనా చాలు, పది లక్షల మంది విలువ ఎనిమిదో వంతుకు పడిపోతుంది. బడుల్లో పరీక్ష మార్కుల విషయంలో ఈ పోలిక చాలా ఎక్కువ. అది 0.15 అయితే, బడికి 40 మంది చొప్పున 100 బడుల్లోని 4,000 మంది విద్యార్థులు దాదాపు 580 మందితో సమానం.

ఇలాంటి నివేదిక చదివేటప్పుడు మొదట చూడాల్సింది లాటరీ దేనికి వేశారు, లెక్కలో దేన్ని విడిగా తీసుకున్నారు అన్నది. బడులకు లాటరీ వేసి, విద్యార్థులపై మామూలు టి-టెస్ట్ చేసి ఉంటే అనుమానించాలి. ఎన్ని సమూహాలో, ICC ఎంతో చెప్పకపోవడం మరో సూచన. క్లస్టర్ ప్రయోగాలకు ఉద్దేశించిన కన్సార్ట్ మార్గదర్శకాలు ఈ రెండూ రాయమంటాయి. ICC లేకపోతే మీరే ఒక అంచనా వేసుకుని, పై సూత్రం ఫలితానికి వర్గమూలం తీసి, నివేదికలోని స్టాండర్డ్ ఎర్రర్‌ను దానితో హెచ్చించండి. తేడా ఇంకా దానికి రెండు రెట్లు ఉందేమో చూడండి.

ఈ సవరణకూ హద్దులున్నాయి. ఒక్కో వైపు ఒకే గ్రామం ఉంటే ఏ గణాంక పద్ధతీ కాపాడలేదు. తేడా పథకానిదో, ఆ ఊరిదో వేరు చేయలేం. సమూహాలు పది పదిహేనే ఉంటే, ‘క్లస్టర్ సవరణ చేశాం’ అని రాసినా సాధారణ సవరణ స్టాండర్డ్ ఎర్రర్‌ను తక్కువే చూపుతుంది. అందుకు ప్రత్యేక పద్ధతులు కావాలి.

సరైన లెక్క వేస్తే 4 శాతం అన్న అంకె మారదు, దానిపై పెట్టుకోదగ్గ నమ్మకమే మారుతుంది. కనుక డెవ్టాను ‘విటమిన్-ఎ పనిచేయదు’ అని చదవడమూ పొరపాటే. ఆ ఫలితం 11 శాతం తగ్గుదల నుంచి 3 శాతం పెరుగుదల వరకు దేనికైనా చోటిస్తుంది. అంతకుముందరి ఎనిమిది ప్రయోగాలతో దాన్ని కలిపి చూసినప్పుడు అదే పరిశోధకులకు మరణాల్లో సగటున 11 శాతం తగ్గుదల కనిపించింది.