పెదవి ముందు, మాట వెనుక

తెరమీద విలన్ చెంప మీద దెబ్బ పడుతుంది. చెయ్యి వెనక్కి వచ్చేశాక గానీ ఆ చప్పుడు మన చెవిన పడదు. అదే వీడియోను ఫోన్ స్పీకర్‌లో పెడితే ఏ తేడా ఉండదు, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు తగిలించుకుంటే మాత్రం మాట పెదవుల వెనకపడుతుంది. ఇలా జరిగితే చాలామంది ఇయర్‌ఫోన్లు పాడయ్యాయనుకుంటారు. నిజానికి ఏ బ్లూటూత్ ఇయర్‌ఫోన్‌లోనైనా ఆలస్యం ఉండనే ఉంటుంది. అది వీడియో యాప్‌కు తెలిసిందా లేదా అన్నదే అసలు సంగతి.

ఆలస్యం ఎక్కడిదో చూద్దాం. ఫోన్ ముందు శబ్దాన్ని కుదించాలి. ఆ పని చేసే పద్ధతినే కోడెక్ అంటారు. కుదించినదాన్ని చిన్న చిన్న పొట్లాలుగా కట్టి గాలిలో పంపాలి. దారిలో పోయిన పొట్లాన్ని మళ్ళీ పంపాలి. ఇయర్‌ఫోన్ వాటిని అందుకుని విప్పి వినిపించాలి. కుదించడానికీ విప్పడానికీ పట్టే కాలం కొద్దిదే. ఎక్కువ కాలం పట్టేది నిల్వ దగ్గర. వచ్చిన పొట్లాన్ని వచ్చినట్టే వినిపిస్తే, ఒక్కటి ఆలస్యమైనా పాట తెగిపోతుంది. అందుకే ఇయర్‌ఫోన్ ఎప్పుడూ కొంత శబ్దాన్ని ముందుగా కూడబెట్టుకుని, ఆ తర్వాతే వినిపిస్తుంది. ఇవన్నీ కలిసి మామూలుగా 150 నుంచి 300 మిల్లీసెకన్ల దాకా అవుతాయి.

200 మిల్లీసెకన్లంటే ఎంతో తెలియాలంటే క్రికెట్ మైదానానికి వెళ్ళాలి. పిచ్‌కు 70 మీటర్ల దూరంలో, బౌండరీ దగ్గర నిలబడ్డవాడికి బంతి బ్యాటుకు తగలడం ముందు కనిపిస్తుంది, సుమారు 200 మిల్లీసెకన్ల తర్వాత చప్పుడు వినిపిస్తుంది. ప్రకృతిలో ఎప్పుడూ వెలుగే ముందు, శబ్దమే వెనుక. బహుశా అందుకే శబ్దం కాస్త వెనకబడితే మనం సర్దుకుంటాం గానీ, ముందుకొస్తే వెంటనే పట్టేస్తాం. టీవీ ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 1998లో ఇచ్చిన సిఫార్సు కూడా ఇదే చెబుతుంది. శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనిషి గుర్తుపడతాడు, వెనకబడినప్పుడు మాత్రం 125 దాకా గుర్తుపట్టడు. బ్లూటూత్ ఆలస్యం ఆ హద్దు దాటుతుంది.

మరి కొన్ని యాప్‌లలో తేడా ఎందుకు తెలియదు? ‘నా దగ్గర ఇంత ఆలస్యం ఉంది’ అని ఇయర్‌ఫోన్ ఫోన్‌కు చెప్పుకునే ఏర్పాటు బ్లూటూత్‌లో ఉంది. మంచి యాప్ ఆ లెక్క అడిగి తెలుసుకుని, బొమ్మను అంతసేపు ఆపి చూపిస్తుంది. శబ్దాన్ని ఫోన్‌కు అప్పగించిన క్షణమే అది వినబడిందనుకునే యాప్‌లో బొమ్మ ముందు పరుగెడుతుంది. ఇయర్‌ఫోన్ తప్పు లెక్క చెప్పినా అదే ఫలితం. వీడియో మధ్యలో ఇయర్‌ఫోన్లు కలిపితే కొన్ని యాప్‌లు పాత లెక్కతోనే సాగిపోతాయి. అందుకని మొదట యాప్‌ను పూర్తిగా మూసి మళ్ళీ తెరవడం మంచిది.

తప్పు ఎవరిదో తేల్చడం కష్టం కాదు. అదే వీడియోను ఫోన్ స్పీకర్‌లో వినండి. అక్కడా తేడా ఉంటే లోపం వీడియోలోనే. స్పీకర్‌లో సరిగ్గా ఉండి, అవే ఇయర్‌ఫోన్లతో వేరే యాప్ కూడా సరిగ్గా ఉంటే లోపం మొదటి యాప్‌ది. తేడా మొదటి నుంచీ ఒకేలా ఉంటే అది బ్లూటూత్ ఆలస్యం. పోనుపోను పెరుగుతుంటే కారణం మరోటి, కింద చెప్పే సర్దుబాటు దానికి పనికిరాదు.

ల్యాప్‌టాప్‌లో దాచుకున్న సినిమా చూస్తుంటే వీఎల్‌సీ ప్లేయర్‌లో దీన్ని మనమే సరిచేయవచ్చు. విండోస్‌లో J నొక్కిన ప్రతిసారీ శబ్దం 50 మిల్లీసెకన్లు ముందుకు జరుగుతుంది, K నొక్కితే వెనక్కి. చప్పట్లో, తలుపు మూసే దృశ్యమో చూసుకుని నాలుగుసార్లు J నొక్కితే తెరమీద -200 కనిపిస్తుంది. ఫైలు మన దగ్గరే ఉంది కాబట్టి ప్లేయర్ శబ్దాన్ని ముందే పంపేయగలదు. చప్పుడు చేతికన్నా ముందొచ్చేదాకా వెళ్ళి, ఒక మెట్టు వెనక్కి రండి. స్పీకర్‌కు మారినప్పుడు ఆ అంకెను మళ్ళీ సున్నా చేయాలి, లేకపోతే శబ్దం ముందొచ్చి మరింత చికాకు పెడుతుంది.

సర్దుబాటు లేని యాప్‌లలో ఇయర్‌ఫోన్ల గేమింగ్ మోడ్ కొంత ఆదుకుంటుంది. అది నిల్వను తగ్గిస్తుంది కాబట్టి ఆలస్యమూ తగ్గుతుంది, కానీ రద్దీ చోట్ల శబ్దం తెగుతుంది. ఇంట్లో వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చుకుంటే బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ దారి కాస్త ఖాళీ అవుతుంది, తెగడం తగ్గుతుంది. డబ్బా మీద బ్లూటూత్ 5.3 అని ఉన్నంత మాత్రాన ఆలస్యం తగ్గదు. ఎల్‌ఈ ఆడియో అనే కొత్త పద్ధతి తక్కువ ఆలస్యంతో పనిచేయగలదు గానీ, అది ఫోన్‌లోనూ ఇయర్‌ఫోన్‌లోనూ రెండింటా ఉండాలి.

ఆటల సంగతి వేరు. వేలు తాకాకే తుపాకి చప్పుడు పుడుతుంది, దాన్ని ముందే పంపడం ఏ యాప్‌కూ సాధ్యం కాదు. వీడియోను కోసి పాటకు సరిపెట్టే పనిలోనూ బొమ్మను ఆపి సర్దినంత మాత్రాన సరిపోదు, పాటకు తగ్గట్టు ఎక్కడ కోయాలో చెవి ఆలస్యంగా చెబుతుంది. ఈ రెండింటికీ తీగ ఉన్న ఇయర్‌ఫోనే వాడండి.