పద్నాలుగు మిల్లీమీటర్ల క్యాప్సూల్

మా అక్క కూతురు పదో తరగతి. మొన్న రాత్రి క్షేత్రమితి పాఠంలోని ఒక బొమ్మను ఫొటో తీసి పంపింది. మందు క్యాప్సూల్ బొమ్మ అది: మధ్యలో స్థూపం, రెండు చివరలా అర్ధగోళాలు. పొడవు 14 మి.మీ., వెడల్పు 5 మి.మీ. "మామయ్యా, ఉపరితల వైశాల్యం 298 వచ్చింది. జవాబు 220 అని ఉంది. ఎక్కడ తప్పాను?"

తప్పు ఆ 14 దగ్గరే ఉంది. పుస్తకంలో బాణం గీత ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉంటుంది. ఫోన్ ఏటవాలుగా పట్టుకుని తీయడంతో గీత చివరలు నీడలో పడ్డాయి. దాంతో పాప 14ను స్థూపం ఒక్కదాని పొడవు అనుకుంది. ఇలాంటి ఫొటో మీద స్కేలు పెట్టి కొలిచినా లాభం లేదు, ఒక వైపు కుదించుకుపోయి ఉంటుంది. రాసిన అంకెలనే నమ్మాలి, ఏ అంకె ఎక్కడి నుంచి ఎక్కడికో ముందు తేల్చుకోవాలి.

వెడల్పు 5 అంటే వ్యాసార్థం 2.5. రెండు కొసల అర్ధగోళాలకూ కలిపి 5 మి.మీ. పోతే స్థూపానికి 9 మిగులుతుంది. స్థూపం వక్రతలం 141, రెండు అర్ధగోళాలు కలిసి 79, మొత్తం 220 చ.మి.మీ. అతికిన చోట ఉండే వృత్తాలు లోపలికి పోయాయి కాబట్టి వాటిని లెక్కలోకి తీసుకోకూడదు. ఘనపరిమాణానికి ఆ చిక్కు లేదు, ముక్కలను కూడితే చాలు: 177, 65 కలిపి 242 ఘ.మి.మీ. సరిచూసుకోవడానికి ఒక దారి ఉంది. ఈ క్యాప్సూల్ సరిగ్గా పట్టే స్థూపాకారపు డబ్బాను ఊహించుకోండి. దాని ఘనపరిమాణం 275. క్యాప్సూల్‌ది అంతకంటే తక్కువే రావాలి. పాప తీసుకున్న కొలతలతో 340 వస్తుంది. డబ్బా కంటే లోపలి వస్తువు పెద్దదైతే ఎక్కడో పొరపాటు పడ్డట్టే.

ఇంకో సంగతి చూడండి. 5ను 14తో గుణించి 22/7తో హెచ్చిస్తే నేరుగా 220 వస్తుంది. గుండ్రటి కొసలున్నా, వైశాల్యం అదే పొడవున్న స్థూపం వక్రతలంతో సమానం. గోళం ఉపరితలం, దాన్ని చుట్టిన స్థూపం వక్రతలం సమానమని ఆర్కిమెడిస్ రెండు వేల ఏళ్లకు పైగా క్రితమే నిరూపించాడు. ఈ క్యాప్సూల్ లెక్క ఆ పాత ఫలితమే.

ఈ ఆకారం మాత్రం అంత పాతది కాదు. 1834లో పారిస్‌లో మోథ్, డుబ్లాంక్ అనే ఇద్దరు జెలటిన్ క్యాప్సూల్‌కు పేటెంటు పొందారు. కోపైబా అనే మందు తైలం రుచి భరించలేనిది, దాన్ని నాలుకకు తగలకుండా మింగించడమే వాళ్ల ఉద్దేశం. పాదరసం నింపిన చిన్న తోలు తిత్తిని జెలటిన్‌లో ముంచేవారు. పొర ఆరాక పాదరసం తీసేస్తే తిత్తి ముడుచుకుని బయటికి వచ్చేది. అవి ఒకే ముక్కగా ఉండేవి. 1846లో లెహూబీ రెండు ముక్కల పద్ధతి తెచ్చాడు: ఒక గొట్టం, దాని మీదికి జారే మూత. 1931లో ఆర్థర్ కోల్టన్ గొట్టాన్నీ మూతనూ ఒకేసారి తయారుచేసి జత చేసే యంత్రాన్ని రూపొందించాడు. నేటికీ పద్ధతి అదే. కొస గుండ్రంగా ఉన్న ఉక్కు పిన్నులను వెచ్చటి జెలటిన్ ద్రావణంలో ముంచి, ఆరబెట్టి, పొరను లాగి, కావలసిన పొడవుకు కోస్తారు. ఎంత మందు పడుతుందో చెప్పేది ఘనపరిమాణం, ఎంత జెలటిన్ కావాలో చెప్పేది ఉపరితల వైశాల్యం.

అసలు క్యాప్సూల్‌తో చూద్దాం. సున్నా నంబరు క్యాప్సూల్ మూసి ఉన్నప్పుడు పొడవు సుమారు 21.7 మి.మీ., మూత వ్యాసం 7.65. బయటి నుంచి ఫొటో తీసి లెక్కిస్తే వైశాల్యం దాదాపు 521 చ.మి.మీ. దాన్ని విప్పి కొలిస్తే లెక్క మారుతుంది. గొట్టం పొడవు 18.4, వ్యాసం 7.34; మూత పొడవు 10.7. ఒక వైపు తెరిచిన కప్పులాంటి ఆకారానికీ ఇందాకటి సూత్రమే పనికొస్తుంది కాబట్టి గొట్టానికి 424, మూతకు 257, మొత్తం 681. పొర మందం దాదాపు పదో వంతు మిల్లీమీటరు, అంటే 68 ఘ.మి.మీ. జెలటిన్. తూకంలో తొంభై మిల్లీగ్రాములకు కాస్త అటూఇటూ ఉంటుంది. ఖాళీ క్యాప్సూల్‌ను తూచినా దాదాపు అంతే వస్తుంది.

521కీ 681కీ మధ్య ఉన్న 160 చ.మి.మీ. దాదాపుగా గొట్టంలో మూత కింద దాగిన భాగం. బొమ్మలో అది కనిపించదు. పాఠంలోని లెక్కకు 220 సరైన జవాబే, ఎందుకంటే అక్కడ అడిగింది బయటి ఉపరితలం. జెలటిన్ కొనేవాడికి మాత్రం క్యాప్సూల్‌ను విప్పి గీసిన బొమ్మ కావాలి.