రాత్రి కెమెరా చూసింది గేటును కాదు, కిటికీ అద్దాన్ని

కాకినాడలో మా అక్కావాళ్ల ఇంట్లో కిందటి వానాకాలం ఒక రాత్రి గేటు పక్కన పెట్టిన సైకిలు పోయింది. కెమెరా ఉందిగా అన్న ధైర్యంతో పొద్దున్నే బావగారు ఫోన్‌లో రికార్డింగు తెరిచారు. అందులో గేటూ లేదు, వీధీ లేదు. నడిమధ్య తెల్లగా వెలిగే ఒక ఉంగరం, దాని చుట్టూ పాలు కలిపిన నీళ్లలాంటి మసక. రెండు గంటల ప్రాంతంలో ఆ మసకలో ఏదో కదిలింది. మనిషో ఆవో చెప్పలేం. పగటి వీడియో మాత్రం నిక్షేపంగా ఉంది. కెమెరా పోయిందని, కొత్తది కొనాలని అమ్మినతను తేల్చేశాడు.

నిజానికి కెమెరాకు ఏమీ కాలేదు. వానకు తడుస్తుందని దాన్ని హాలు కిటికీ లోపలి గట్టు మీద, అద్దానికి బెత్తెడు దూరంలో పెట్టారు. తప్పంతా ఆ బెత్తెడు జాగాలోనే ఉంది.

రాత్రిపూట కెమెరా చీకట్లో చూస్తుందని అనుకుంటాం గానీ, ఈ ఇళ్ల కెమెరాలు చీకట్లో చూడవు. తమ దీపం తామే వేసుకుంటాయి. లెన్సు చుట్టూ ఉండే చిన్న చిన్న ఎల్‌ఈడీలు పరారుణ కాంతిని చిమ్ముతాయి. మన కన్ను సుమారు 700 నానోమీటర్ల వరకే చూడగలదు. ఈ దీపాలు 850 దగ్గరో 940 దగ్గరో వెలుగుతాయి కాబట్టి మనకు చీకటిగానే ఉంటుంది. 850 రకంలో మాత్రం దగ్గరగా చూస్తే నిప్పు కణికలాంటి మసక ఎరుపు కనబడుతుంది. కెమెరాలోని సెన్సారుకు ఈ కాంతి బాగానే తెలుస్తుంది. పగలు రంగులు చెడిపోకుండా దీన్ని అడ్డుకోవడానికి సెన్సారు ముందు ఒక ఫిల్టరు ఉంటుంది. పొద్దుగుంకాక కెమెరాలోంచి ‘టిక్’మని వినిపించేది ఆ ఫిల్టరు పక్కకు తప్పుకునే చప్పుడే. అప్పటినుంచి బొమ్మ నలుపు తెలుపుల్లోకి మారుతుంది.

ఇప్పుడు కిటికీ సంగతి. రాత్రి గదిలో లైటు వేసి కిటికీలోంచి బయటికి చూస్తే వీధి కనబడదు, మన మొహమే కనబడుతుంది. మామూలు గాజు తన మీద నేరుగా పడిన వెలుతురులో ఒక్కో వైపు నుంచి నూటికి 4 వంతుల చొప్పున, రెండు వైపులా కలిపి 8 వంతుల దాకా వెనక్కి కొడుతుంది. మిగిలినదంతా బయటికి పోతుంది. ఎనిమిది వంతులే కదా అనిపిస్తుంది. కానీ బయటికి పోయిన వెలుతురు గతి చూడండి. అది దూరం పోయేకొద్దీ పరుచుకుని పలచబడుతుంది. అడుగు దూరంలో పడే తీవ్రతతో పోలిస్తే, ఇరవై అడుగుల అవతల గేటు మీద పడేది నాలుగు వందల వంతు. ఆ కాస్తా గేటుకు తగిలి అన్ని దిక్కులకూ చెదిరిపోగా, లెన్సు వైపు తిరిగొచ్చేది మరీ స్వల్పం. అద్దం నుంచి వచ్చేదేమో ఎల్‌ఈడీల సూటి ప్రతిబింబం. దాని ముందు గేటు ఏ మూలకి?

నష్టం అక్కడితో ఆగదు. బొమ్మలో తెలుపు ఎక్కువైందని కెమెరా తనంతట తానే సెన్సారు జోరు తగ్గించుకుంటుంది. దాంతో ముందే మసకగా ఉన్న గేటు ఇంకా అడుగుకు పోతుంది. పూర్తిగా తెల్లబడిన చోట సెన్సారు ఏ వివరాన్నీ నమోదు చెయ్యలేదు. అందుకే తర్వాత కంప్యూటర్లో ఎంత సవరించినా ఆ రాత్రి ఎవరొచ్చారో బయటపడదు.

మా అక్క ఇంట్లో చేసిన పరీక్ష ఎవరైనా రెండు నిమిషాల్లో చేసుకోవచ్చు. చీకటి పడ్డాక ఫోన్‌లో కెమెరా బొమ్మ చూస్తూ ఎల్‌ఈడీలను ఆర్పెయ్యాలి. సెట్టింగుల్లో అందుకు మీట లేకపోతే లెన్సుకు తగలకుండా ఎల్‌ఈడీల మీద నల్ల ఇన్సులేషన్ టేపు రెండు పొరలు అంటించాలి. మసక పోయి, బొమ్మ చీకటిగానే అయినా తేటపడితే దోషం ప్రతిఫలనానిదే. అక్కావాళ్ల తెర మీద తెల్ల ఉంగరం మాయమై, దూరంగా వీధి దీపం, దాని కింద గేటు పైకమ్మి కనబడ్డాయి. ఆర్పినా మసక తగ్గకపోతే లెన్సు మురికినో, బయటి దీపమేదైనా నేరుగా లెన్సులో పడుతోందేమో చూసుకోవాలి.

కెమెరా లోపలే ఉండాలంటే మందు ఒకటే. దాని దీపం ఆర్పి, వెలుతురు అద్దానికి అవతల వెయ్యాలి. పోర్టికోలో చిన్న బల్బు, గేటు మీద పడేలా తిప్పితే చాలు. కంటికి కనబడని వెలుతురే కావాలనుకుంటే విడిగా ఇన్‌ఫ్రారెడ్ దీపాలు దొరుకుతాయి. ఇక్కడే చాలామంది పొరబడతారు. కొన్ని కెమెరాల్లో రాత్రి మోడ్‌ను పూర్తిగా ఆపేస్తే ఫిల్టరు మళ్లీ సెన్సారు ముందుకు వచ్చేస్తుంది. అప్పుడు బయట ఎంత పెద్ద ఇన్‌ఫ్రారెడ్ దీపం పెట్టినా కెమెరాకు అందదు. రాత్రి మోడ్ ఉండాలి, ఎల్‌ఈడీలు మాత్రమే ఆరాలి. రెంటికీ ఒకే మీట ఉన్న కెమెరాకు టేపే మార్గం. గదిలో లైటు వేసి ఉంటే అది కూడా అద్దంలో కనబడుతుంది కాబట్టి కెమెరా వెనక తెర వెయ్యాలి.

కెమెరాను అద్దానికి ఆనించేస్తే సరిపోదా అని బావగారు అడిగారు. కొంత తగ్గుతుంది. అయితే గాజు మందంలోకి దూరిన వెలుతురు దాని బయటి వైపు తగిలి లెన్సులోకి తిరిగొస్తుంది. లెన్సుకూ ఎల్‌ఈడీలకూ మధ్య నల్ల స్పాంజి ఉంగరం అద్దానికి గట్టిగా ఒత్తుకుని ఉంటే మేలు గానీ, పూర్తిగా నమ్మలేం.

చివరికి వాళ్లు ఆరుబయట పనికొచ్చే డోమ్ కెమెరా కొని సజ్జ కింద బిగించారు. నాలుగు నెలలు బాగా నడిచింది. సంక్రాంతికి ఇల్లు దులిపినప్పుడు దాని గుండ్రటి మూత విప్పి తుడిచి పెట్టారు. ఆ రాత్రినుంచి మళ్లీ మసక! డోమ్‌కు ఆ మూతే కిటికీ. ఎల్‌ఈడీల వెలుతురు మూత లోపల తగిలి లెన్సులో పడకుండా లెన్సు చుట్టూ మెత్తటి ఉంగరం ఒకటి మూతకు ఆనుకుని ఉంటుంది. మూత బిగించేటప్పుడు అది పక్కకు జరిగింది. పైగా వేలిముద్రల జిడ్డు మూత మీదే ఉండిపోయింది. పగలు కంటికి ఆనని ఆ జిడ్డు రాత్రి ఎల్‌ఈడీల వెలుతురులో పొగలా మెరుస్తుంది. ఉంగరం సర్ది, సబ్బు నీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డతో మూత కడిగితే బొమ్మ తేటపడింది. పొడి గుడ్డతో రుద్దితే దుమ్ము గీతలు పడతాయి. గీతలు పడిన మూతను మార్చడమే తప్ప బాగుచెయ్యలేం.

మసక ఆకారమే కారణం చెబుతుంది. చుక్కలుగానో ఉంగరంగానో కనబడితే ఎదురుగా అద్దం ఉన్నట్టు. బొమ్మంతా సమంగా పాలిపోతే మూత జిడ్డో, జరిగిన ఉంగరమో. ఒక అంచే తెల్లబడితే పక్కనున్న సున్నపు గోడో సజ్జో వెలుతురును తిప్పికొడుతోంది. కెమెరాను రవంత అటు తిప్పితే చాలు. తెల్లటి దారాలు ఊగుతుంటే సాలెగూడు.

ఆ కిటికీ కెమెరాను బిగించింది మధ్యాహ్నం మూడింటికి. ఎండలో గేటు తళతళలాడుతూ కనబడితే బావగారు డబ్బులిచ్చి పంపేశారు. “రాత్రి ఎలా ఉందో ఒక్కసారైనా చూడలేదురా” అంది అక్క. ఈసారి డోమ్ బిగించడానికి వచ్చినతన్ని ఆమె దీపాలు పెట్టే వేళదాకా కూర్చోబెట్టింది. ‘టిక్’మన్నాక గేటు దగ్గర తానే నిలబడి, తన మొహం తెర మీద ఆనవాలు పట్టేలా ఉందని చూశాకే డబ్బులిచ్చింది.