ఫోన్‌లో చెబితే సరిగ్గా టైప్ చేయగలరా?
చిన్న కొట్టుకి డొమైన్ పేరు ఎంచుకునే ముందు చూసుకోవాల్సిన లెక్క

ఇంట్లో వాళ్ల వ్యాపారానికి వెబ్‌సైట్ చేసిపెట్టే పని సాధారణంగా ఆ ఇంట్లో చదువుకున్న కుర్రాడికో, అమ్మాయికో పడుతుంది. సైట్ తయారీకి వారం తీసుకుంటాం. పేరుకి మాత్రం పది నిమిషాలు. బోర్డు మీద ఏముందో అదే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, ఖాళీగా ఉంటే కొనేస్తాం. అసలు తంటా అక్కడే మొదలవుతుంది. డిజైన్ నచ్చకపోతే రేపు మార్చుకోవచ్చు. పేరు అలా కాదు. అది కవర్ల మీద, విజిటింగ్ కార్డుల మీద, కస్టమర్ల నోళ్లలో పడిపోయాక మార్చడం చాలా కష్టం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గోదావరి పక్కన ఆత్రేయపురంలో మీ అత్తయ్యగారికి పూతరేకుల కొట్టు ఉందనుకోండి. పేరు శ్రీ లక్ష్మీ పూతరేకులు. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి కొరియర్ ఆర్డర్లు వస్తున్నాయి కాబట్టి సైట్ కావాలి. దానికి ఏం పేరు పెడతారు?

ఒక పేరు, 24 స్పెల్లింగులు

తెలుగులో ఈ పేరు రాయడానికి ఒకటే పద్ధతి. ఇంగ్లిష్ అక్షరాల్లోకి వచ్చేసరికి లెక్క మారుతుంది. శ్రీని sri అంటారు, sree అంటారు, shri అంటారు. లక్ష్మికి lakshmi, laxmi రెండూ వాడుకలో ఉన్నాయి. పూతరేకులుకి pootharekulu, putharekulu, pootarekulu, putarekulu అని నాలుగు రకాలు. మూడు ఇంటూ రెండు ఇంటూ నాలుగు, మొత్తం 24. చివర్లో .com, .in రెండూ కలిపితే 48 అడ్రసులు. మీరు కొన్నది వాటిలో ఒక్కటే.

మిగతా 47 ఎవరైనా కొనుక్కోవచ్చు. పక్క వీధిలో ఇంకో లక్ష్మీ పూతరేకుల కొట్టాయన ఏ దురుద్దేశమూ లేకుండానే వాటిలో ఒకటి తీసుకోవచ్చు. అప్పుడు మీ కస్టమర్ పండక్కి నాలుగు బాక్సులు ఆర్డర్ పెట్టి డబ్బు కట్టేది ఆయనకి. పార్సిల్ ఆలస్యమైతే ఫోన్ చేసి తిట్టేది మిమ్మల్ని. రేటింగ్ తగ్గేది కూడా మీకే.

ఏ అక్షరాలు ఇలా ఇబ్బంది పెడతాయో ముందే తెలుసుకోవచ్చు. దీర్ఘాలు ఒకటి: ఊ అంటే u కావచ్చు, oo కావచ్చు; ఈ అంటే i, ee. త అక్షరం t, th రెండు రకాలుగానూ వస్తుంది. శ, ష అక్షరాలకి s, sh. క్ష ఉంటే ksh, x. వ అంటే v, w. మీరు అనుకున్న పేరులో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక్కోటి కనీసం రెండు దారులు తెరుస్తుంది. మూడు ఉంటే ఎనిమిది.

అందరిదీ అయిన పేరు మీది కాదు

స్పెల్లింగ్ గొడవ వద్దని కొందరు ఊరి పేరు, సరుకు పేరు కలిపి పెట్టేస్తారు. ఆత్రేయపురం పూతరేకులు అనో, గోదావరి స్వీట్స్ అనో. గూగుల్‌లో వెతికేవాళ్లకి వెంటనే దొరుకుతుందన్న ఆశ. కానీ ఆ పేరు చూసిన కస్టమర్‌కి గుర్తుండేది సరుకు. మీ కొట్టు గుర్తుండదు. రెండోసారి కొనాలనుకున్నప్పుడు ఆ సరుకు పేరే కొడతాడు, ఎవరి సైట్ పైన కనిపిస్తే అక్కడ కొంటాడు.

చట్టం కూడా ఇక్కడ పెద్దగా సాయపడదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ వచ్చింది. అది ఆ ప్రాంతపు తయారీదారుల ఉమ్మడి పేరు. ఒక్క కొట్టు దాన్ని సొంతం చేసుకోలేదు. 1999 నాటి ట్రేడ్‌మార్క్స్ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం సరుకు రకాన్నో, అది వచ్చే చోటునో మాత్రమే చెప్పే మాటను మామూలుగా ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేయరు. ఏళ్ల తరబడి వాడి, ఆ మాట వినగానే జనానికి మీ కొట్టే గుర్తొస్తుందని చూపించగలిగితే తప్ప. కొత్తగా మొదలుపెట్టే చిన్న కొట్టుకి అది జరిగే పని కాదు. రేపు పక్కవాడు మీ పేరు మధ్యలో ఒక గీత పెట్టి డొమైన్ కొన్నా మీరు గట్టిగా అడగలేరు.

మరి ఎలాంటి పేరు?

సరుకుని గుర్తుచేయాలి, కానీ సరుకు పేరే కాకూడదు. ఒకటే స్పెల్లింగ్ ఉండాలి. ఈ రెండూ కుదిరే పేరు కోసం ఆ సరుకు తయారయ్యే తీరులోకి వెళ్లి చూడండి. పూతరేకుల రేకును వేడెక్కిన బోర్లించిన కుండ మీద తీస్తారు. బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డను దాని మీద అలా పరిచి లాగితే పల్చటి రేకు వస్తుంది. కుండ, రేకు. రెండూ కలిపితే కుండరేకు: kundareku. ఇది ఉదాహరణ కోసం అల్లిన పేరే.

దీన్ని ఇందాకటి లెక్కలో పెట్టి చూడండి. దీర్ఘంలో ఒక్క రే మాత్రమే ఉంది. దాన్ని పూతరేకులు రాసేటప్పుడు కూడా అందరూ re అనే రాస్తారు, ఇందాకటి నాలుగు స్పెల్లింగుల్లోనూ అంతే. త లేదు, శ లేదు, క్ష లేదు, వ లేదు. తొమ్మిది అక్షరాలు. డొమైన్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా లేదు కాబట్టి కవర్ మీద KundaReku.in అని వేస్తే రెండు మాటలు విడిగా కనిపిస్తాయి, టైప్ చేసేవాళ్లకి ఏ ఇబ్బందీ ఉండదు.

గీతలు, అంకెలు వద్దు. ఫోన్‌లో గీతను డాష్ అంటారా, మైనస్ అంటారా అన్నదే పెద్ద చర్చ అవుతుంది. 4 అంటే అంకె వేయాలో, four అని కొట్టాలో వినేవాడికి తెలియదు.

పది ఫోన్ కాల్స్

ఇప్పుడు పేరుని బయట పరీక్షించాలి. ఈ సంగతి తెలియని పదిమందికి ఫోన్ చేయండి. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టకండి, అందులో స్పెల్లింగ్ కనిపించిపోతుంది. మామూలు మాటల్లో కుండరేకు డాట్ ఇన్ అని ఒక్కసారి చెప్పి, విన్నది టైప్ చేసి పంపమనండి. ఇంగ్లిష్ మీడియంలో చదివిన వాళ్లు సగం, తెలుగు మీడియం వాళ్లు సగం ఉంటే మంచిది. మీ కస్టమర్లలో హిందీ, కన్నడ మాట్లాడేవాళ్లుంటే వాళ్లనీ కలపండి.

వచ్చిన జవాబుల్లో ఎంతమంది తప్పు రాశారన్నదొక్కటే చూడకండి, ఎలా తప్పు రాశారో చూడండి. ముగ్గురు తప్పు రాసినా ముగ్గురూ ఒకే రకంగా రాస్తే, ఆ రెండో స్పెల్లింగ్ కూడా కొని అసలు సైట్‌కి మళ్లించేయొచ్చు. ఆ మళ్లింపు రిజిస్ట్రార్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. అలా కాకుండా ముగ్గురూ మూడు రకాలుగా రాస్తే ఆ పేరు వదిలేయండి. అన్నీ కొంటూ పోలేరు. మర్నాడు మళ్లీ అడిగి, పేరు గుర్తుందా అని చూడండి. కొట్టు దేనిదో గుర్తుండి పేరు గుర్తులేదంటే అది మరీ మామూలు పేరన్నమాట.

కొనే ముందు వెతకాల్సిన చోట్లు

డొమైన్ ఖాళీగా ఉందంటే పేరు ఖాళీగా ఉందని కాదు. ముందు గూగుల్‌లో, మ్యాప్స్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో అదే శబ్దం వచ్చే పేర్లు వెతకండి. .in ఖాళీగా ఉండి .com మీద ఇంకో స్వీట్ షాపు నడుస్తుంటే ఆ పేరు మీకు పనికిరాదు. చాలామంది చేతివాటంగా .com కొడతారు, నేరుగా వాళ్ల కొట్టుకే వెళ్తారు.

తర్వాత ఐపీ ఇండియా సైట్‌లోని ట్రేడ్‌మార్క్ పబ్లిక్ సెర్చ్. ఉచితమే. మిఠాయిలు 30వ క్లాసులోకి వస్తాయి. అక్కడ వర్డ్‌మార్క్ సెర్చ్‌తో పాటు ఫొనెటిక్ సెర్చ్ అని ఇంకోటి ఉంటుంది, శబ్దం కలిసే పేర్లని తీసి చూపిస్తుంది. చాలామంది మొదటిది చూసి ఆగిపోతారు. మీకు కావాల్సింది రెండోది.

ఎందుకంటే కోర్టు చూసేది కూడా ఆ శబ్దాన్నే. హైదరాబాద్ సత్యం కంప్యూటర్ గ్రూపులోని సత్యం ఇన్ఫోవే, తన పేరు నుంచి సిఫీ అనే మాట తయారుచేసుకుని sifynet.com లాంటి డొమైన్లు నడిపింది. తర్వాత ఇంకో కంపెనీ siffynet.com తీసుకుంది. తేడా ఒక్క f. ఆ మాట తమ ప్రమోటర్ల పేర్ల మొదటి అక్షరాలతో వచ్చిందని వాళ్ల వాదన. 2004లో సుప్రీంకోర్టు సత్యం ఇన్ఫోవే వైపు తీర్పు చెప్పింది. డొమైన్ పేరు ఉత్త అడ్రస్ కాదు, వ్యాపారాన్ని గుర్తించే పేరు కూడా కాబట్టి దానికి ట్రేడ్‌మార్క్ లాంటి రక్షణ ఉంటుందని తేల్చింది. చిన్న కొట్టుకి దీని అర్థం రెండు వైపులా ఉంది. అల్లిన పేరైతే దాన్ని కాపాడుకోవచ్చు. వేరేవాళ్ల పేరుకి దగ్గరగా వెళ్తే, మీ ఉద్దేశం మంచిదని చెప్పినా నిలబడకపోవచ్చు.

.in డొమైన్లను చూసే నిక్సీకి సొంత వివాద పరిష్కార పద్ధతి ఉంది. అక్కడ కూడా పేరు మీద ముందు నుంచి మీకు హక్కు ఉందని చూపించాలి. డొమైన్ కొన్నంత మాత్రాన ఆ హక్కు రాదు. అందుకే పేరు ఖరారయ్యాక ట్రేడ్‌మార్క్‌కి దరఖాస్తు పెట్టండి. ఆన్‌లైన్‌లో వ్యక్తులకి, చిన్న సంస్థలకి ఒక్కో క్లాసుకి 4,500 రూపాయల ఫీజు. డొమైన్ కొనేటప్పుడు మాత్రం మొదటి ఏడాది ఆఫర్ ధర కాకుండా రెన్యువల్ ధర చూడండి, రిజిస్ట్రేషన్ అత్తయ్యగారి పేరు మీద, ఆవిడ ఈమెయిల్ మీదే చేయించండి.

తేడా కొడుతోందని ఎలా తెలుస్తుంది?

సైట్ మొదలయ్యాక మొదటి మూడు నెలలు కౌంటర్ దగ్గర ఒక నోట్‌బుక్ పెట్టమనండి. మీరు పంపని పార్సిల్ గురించి ఎవరైనా ఫోన్ చేస్తే, మీ దగ్గర లేని సరుకు ధర అడిగితే, సైట్‌లో ఆర్డర్ పెట్టామంటున్నా మీ జాబితాలో అది లేకపోతే రాసుకోవాలి. అవతలివాళ్లు ఏ అడ్రస్ కొట్టారో కూడా అడగాలి. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో జనం ఏ మాటలు కొట్టి మీ సైట్‌కి వస్తున్నారో కనిపిస్తుంది. అందులో వేరే కొట్టు పేరు పదేపదే వస్తుంటే వాళ్ల కస్టమర్లు మీ దగ్గరికి వస్తున్నారన్నమాట. వినడానికి లాభంలా ఉంటుంది కానీ మీ కస్టమర్లు కూడా అటు వెళ్తూ ఉండొచ్చు. నెలకి ఇలాంటివి ఒకటీ అరా అయితే ఫర్వాలేదు. వారానికి రెండు మూడు వస్తుంటే, కవర్లు ఇంకో లాట్ ప్రింటింగ్‌కి ఇచ్చే ముందే పేరు మార్చేయండి.