తప్పుల నోటుబుక్కు

రిజల్ట్స్ వచ్చిన సాయంత్రం మా నంద్యాల హాస్టల్లో రెండు రకాల చప్పుళ్లు వినిపిస్తాయి. ఒక గదిలో కేకలు, పక్క గదిలో లోపలి నుంచి గొళ్లెం పెట్టుకున్న చప్పుడు. వరుసగా రెండో ఏడాది కూడా నాది గొళ్లెం పెట్టుకున్న గదే.

బ్యాంక్ క్లర్క్ ప్రిలిమ్స్. కటాఫ్‌కి 1.75 మార్కులు తక్కువ.

నాయనకు ఫోన్ చేసి చెప్పాను. శనగ చేలో ఉన్నట్టున్నాడు, గాలి హోరు వినిపిస్తోంది.

"ఒకటీ ముప్పావా? ముప్పావు మార్కు కూడా ఉంటాదా పాపా?"

"ఉంటుంది నాయనా. రైటయితే ఒక మార్కు. తప్పయితే ఉన్న దాంట్లోంచి పావు మార్కు కోస్తారు."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "సరే, ఇంకొక్కసారి రాయి. ఆ తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ 'చూద్దాం' అంటే ఏంటో నాకు తెలుసు. కర్నూలు సంబంధం ఒకటి అప్పటికే రెండుసార్లు ఇంటికొచ్చి వెళ్లింది.

అక్క అడిగిన ప్రశ్న

ఆ వారమే మా గదిలోని అక్క ఖాళీ చేసి వెళ్తోంది. తనకు ఉద్యోగం వచ్చింది. పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుతూ అడిగింది: "నువ్వు రోజూ ఎట్లా చదువుతావే?"

"పన్నెండు గంటలక్కా. సిలబస్ మూడుసార్లు పూర్తి చేశా."

"అది కాదు. మొన్నటి మాక్ టెస్ట్‌లో ఎన్ని తప్పులు? ఎందుకు తప్పాయి?"

ఎన్ని తప్పులో తెలుసు. ఎందుకో తెలీదు. నేను మాక్ రాయగానే స్కోర్ చూసుకుని, తప్పయిన వాటి సొల్యూషన్ చదివి, "ఓహో ఇదా" అనుకుని వదిలేసేదాన్ని.

"జవాబు రాసుకోకు, కారణం రాసుకో" అంది అక్క. తన నోటుబుక్కులో మిగిలిన ఖాళీ పేజీలు నాకిచ్చి బస్సెక్కేసింది.

ఆ రాత్రి ఆ మాక్ మళ్లీ తెరిచాను. వంద ప్రశ్నల్లో 82 చేశాను. 58 రైటు, 24 తప్పు. 24 పావులంటే 6 మార్కులు పోయి, చేతికొచ్చింది 52. పేజీలో మూడు గడులు గీశాను: తెలియక, తొందరలో, మొండిగా. ఒక్కో తప్పునూ ఒక్కో గడిలో వేశాను.

తెలియక తప్పినవి 5. తొందరలో 12. మొండిగా 7.

రెండేళ్లుగా నేను చేసిన పని కొత్త చాప్టర్లు చదవడం. దాంతో బాగుపడేవి ఆ అయిదే.

576 ఎక్కడి నుంచి వచ్చింది?

తొందర గడిలో మొదటిది ఇది: ఒక స్కూల్లో పిల్లలు గత ఏడాది కంటే 20 శాతం పెరిగి ఇప్పుడు 720 మంది ఉన్నారు. గత ఏడాది ఎంతమంది? నేను 720లో 20 శాతం, అంటే 144 తీసేసి 576 పెట్టాను. కానీ 20 శాతం పెరిగింది పాత సంఖ్య మీద. జవాబు 600. ఈ లెక్క నాకు రాక కాదు, ట్యూషన్‌లో టెన్త్ పిల్లలకు నేనే చెప్తాను. మరి ఎందుకు పడిపోయాను? ఆప్షన్లలో 576 కూడా ఉంది కాబట్టి! మనం ఎక్కడ తడబడతామో ముందే ఊహించి ఆ అంకె అక్కడ పెడతారు. మన జవాబు ఆప్షన్లలో కనిపించిందంటే రైటని కాదు.

మొండి గడి ఇంకో రకం. రీజనింగ్‌కి 20 నిమిషాలు, 35 ప్రశ్నలు. గుండ్రటి బల్ల చుట్టూ ఎనిమిది మంది కూర్చునే పజిల్ ఒకటి వచ్చింది. కొందరు లోపలికి, కొందరు బయటికి చూస్తుంటారు. ఇంత చేశాక వదలడమేంటని తొమ్మిది నిమిషాలు దాంతోనే కూర్చున్నాను. చివరికి అయిదు ప్రశ్నల్లో రెండు రైటు, మూడు తప్పు. తొమ్మిది నిమిషాల కష్టానికి 1.25 మార్కులు. టైమ్ అయిపోతే ఆ సెక్షన్‌లోకి మళ్లీ వెళ్లనివ్వరు. దాని వెనకున్న సులువైన ప్రశ్నలు నేను కనీసం చూడలేదు.

గుడ్డిగా పెట్టిన వాటి లెక్క కూడా వేశాను. ప్రతి ప్రశ్నకు అయిదు ఆప్షన్లు. అయిదు ప్రశ్నలు గుడ్డిగా పెడితే సగటున ఒకటి తగులుతుంది, నాలుగు పోతాయి. ఒక మార్కు వచ్చి నాలుగు పావులు పోతే మిగిలేది సున్నా. నష్టం లేదు, లాభం లేదు. కానీ ఖచ్చితంగా తప్పని తెలిసిన రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే మాత్రం పెట్టడమే మేలు. తొందర తప్పు అట్లా కాదు. రావాల్సిన మార్కు పోయి, పైన పావు పోతుంది. పన్నెండు తప్పులకు 15 మార్కులు. నాకు తక్కువైంది 1.75.

మార్కులు తగ్గిన నెల

రెండు నియమాలు పెట్టుకున్నాను. ప్రశ్నలో చివరికి ఏమడిగారో రఫ్ పేపర్ మీద ఒక్క ముక్క రాశాకే లెక్క మొదలుపెట్టాలి. పజిల్‌లో రెండు నిమిషాలకు ఒక్కరి చోటు కూడా తేలకపోతే ముందుకెళ్లిపోవాలి.

నెల తర్వాత మాక్‌లో 61 చేశాను. 53 రైటు, 8 తప్పు. స్కోర్ 51.

పాత స్కోర్ కంటే ఒకటి తక్కువ! హాస్టల్ వాట్సాప్ గ్రూప్‌లో అందరూ అరవైలు పెడుతున్నారు. నేను ఆ రోజు స్కోర్ పెట్టలేదు. నోటుబుక్కు చింపేద్దామనిపించింది. కానీ 24 తప్పులు 8 అయ్యాయన్నది కూడా నిజమే కదా. వేగం తర్వాత తెచ్చుకోవచ్చులే అనుకుని, నోటుబుక్కు పరుపు కింద పెట్టి పడుకున్నాను.

వేగం మెల్లగా వచ్చింది. ప్రిలిమ్స్‌కి ముందు రాసిన చివరి మాక్‌లో 74 చేశాను. 67 రైటు, 7 తప్పు, స్కోర్ 65.25. వెనకటికంటే ఎనిమిది ప్రశ్నలు తక్కువ చేసి 13 మార్కులు ఎక్కువ తెచ్చుకున్నాను.

మూడోసారి ప్రిలిమ్స్ దాటాను.

మళ్లీ ఫోన్

మెయిన్స్ దాటలేదు. గొళ్లెం మళ్లీ పడింది. కానీ ఈసారి లోపల ఏడుస్తూ కూర్చోలేదు, స్కోర్ కార్డు ముందు పెట్టుకున్నాను. లెక్కల్లో, రీజనింగ్‌లో, ఇంగ్లిష్‌లో గట్టెక్కాను. పోయింది జనరల్, ఫైనాన్షియల్ అవేర్‌నెస్‌లో. ప్రిలిమ్స్‌లో ఆ సబ్జెక్టే ఉండదు. అక్కడే నేను దాన్ని పక్కన పెట్టేశాను.

నాయనకు చెప్పాను. "అయితే మళ్లీ పోయినట్టేనా?" అన్నాడు.

"పోయింది నాయనా. కానీ పోయినసారి వచ్చినవి తప్పు చేసి పోయింది. ఈసారి రానివి రాక పోయింది. రానివి నేర్చుకోవచ్చు. హాస్టల్ డబ్బులు ట్యూషన్ల మీద నేనే కట్టుకుంటా. వచ్చే ఏడు మెయిన్స్ దాకా ఆగు. అది అయ్యాక నువ్వన్నట్టే కూర్చుని మాట్లాడుకుందాం."

చాలాసేపు గాలి హోరే వినిపించింది.

"ఇప్పుడు ఏం చదువుతాండావు?"

నోటుబుక్కులో 'తెలియక' గడి కింద ఆ రోజు రాసుకున్న మొదటి లైన్ చదివాను. "బ్యాంకు మునిగిపోతే మనం దాచుకున్న దాంట్లో వడ్డీతో కలిపి 5 లక్షల దాకా బీమా ఉంటుంది నాయనా. ఒక్కో మనిషికి, ఒక్కో బ్యాంకులో."

"మన సొసైటీ బ్యాంకుకు కూడానా?"

నాకు తెలీదు. "కనుక్కుని చెప్తా" అని రెండో లైన్‌గా అదే రాసుకున్నాను.