ఫోటో చూసి ‘చేనేతే’ అని చెప్పొచ్చా?

పెళ్లికని వాట్సాప్‌లో మంగళగిరి చీర ఫోటో వస్తుంది. ‘ఇది చేనేతేనా?’ అని ఇంట్లో అడుగుతారు. నిజాం బార్డర్, ప్లెయిన్ బాడీ కనిపించినంత మాత్రాన అవునని తేల్చేయకూడదు. అదే డిజైన్ మరమగ్గం మీదా నేయొచ్చు.

జవాబు ఇలా ఉంటే మేలు: ‘బార్డర్ మంగళగిరి పద్ధతిలోనే ఉంది. చేనేత అయ్యే అవకాశం 60 శాతం, ఇది నా అంచనా. అంచు దగ్గరి నుంచి, వెనకవైపు, లేబుల్ చూడలేదు. చూశాక మాట మారొచ్చు.’ 60 శాతమంటే ఇలాంటి పది చీరల్లో నాలుగు మరమగ్గానివి కావచ్చని అర్థం.

తర్వాత పగటి వెలుతురులో అంచు, వెనకవైపు ఫోటోలు అడగాలి. అంచు వెంట సన్న సూది రంధ్రాలు, నేతలో కొద్దిపాటి హెచ్చుతగ్గులు కనిపిస్తే అంచనా 75 దాకా పెంచొచ్చు. కొన్ని మరమగ్గాలూ రంధ్రాలు వదులుతాయి, కాబట్టి నూరు అనకూడదు. హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్ ఉంటే బలం పెరుగుతుంది. లేకపోతే నకిలీ అనలేం, లేబుల్ లేకుండా అమ్మే అసలు చీరలూ ఉన్నాయి.

అనుమానం మిగిలితే డబ్బు కట్టేముందు బిల్లు మీద ‘చేనేత’ అని రాసిస్తారా అని అడగాలి. రాయనంటే అంచనా తగ్గించుకోవాలి.