సిగ్నల్ ఫుల్లు, అప్‌లోడ్ నిల్లు

రెండంతస్తుల ఇల్లు. వైఫై రౌటరు కింద హాల్లో, టీవీ పక్కన. మేడ మీద గదిలో కుర్రాడు ఫోనులో ఇంటర్వ్యూకి కూర్చున్నాడు. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి. అవతల ప్రశ్నలడిగే వాళ్ల ముఖాలు అద్దంలా కనిపిస్తున్నాయి. వాళ్లు మాత్రం, "బాబూ, మీ బొమ్మ ఆగిపోయింది, మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది" అంటున్నారు. ఇలాంటప్పుడు తిట్లు తినేది బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ. చాలాసార్లు దాని తప్పేమీ ఉండదు.

ఫోను మీది గీతలు చెప్పేది ఒక్క దిక్కు సంగతే: రౌటరు మాట ఫోనుకు ఎంత గట్టిగా వినిపిస్తోందన్నదే. ఫోను మాట రౌటరుకు ఎలా వినిపిస్తోందో ఆ గీతలకు తెలియదు. జాతరలో మైకు ప్రకటన ఊరవతలి చేలోకీ వినిపిస్తుంది, ఆ చేలోంచి పెట్టిన కేక మైకు దగ్గరున్న మనిషికి వినిపించదు. రౌటరు గోడ ప్లగ్గు నుంచి కరెంటు తీసుకుంటుంది, ఫోను చిన్న బ్యాటరీ మీద బతకాలి. అందుకే ఫోను ప్రసార శక్తి తక్కువ.

మేడ మీది గదికి లెక్క కట్టి చూద్దాం. రౌటరు 500 మిల్లీవాట్లతో పంపుతోంది, ఫోను 30తో. తేడా సుమారు 17 రెట్లు, రేడియో లెక్కలో 12 డెసిబెల్స్. నడుమనున్న శ్లాబు, గోడలు రెండు దిక్కులా ఒకే మోతాదులో సిగ్నల్‌ను మింగుతాయి. కాబట్టి ఫోను దగ్గర మైనస్ 61 డీబీఎం ఉంటే, రౌటరు దగ్గర ఫోను సిగ్నల్ మైనస్ 73 మాత్రమే. మైనస్ 61 అంటే చాలా ఫోన్లలో గీతలు నిండుగానో, ఒకటి తక్కువగానో ఉంటాయి.

అసలు దెబ్బ రొద దగ్గర తగులుతుంది. మేడ మీద ప్రశాంతంగా ఉండి రొద మైనస్ 90 దగ్గర ఉంటే, ఫోనుకు 29 డెసిబెల్స్ ఎడం దొరుకుతుంది. కింద పక్కింటి వైఫైల వల్ల రొద మైనస్ 83కి చేరితే రౌటరుకు మిగిలేది 10. ఎడం ఎంత ఉంటే వైఫై అంత కిక్కిరిసి సమాచారం పంపగలదు. ఇంత తేడాలో అప్‌లోడ్ లింకు వేగం డౌన్‌లోడ్‌లో నాలుగో వంతుకైనా రాదు. పైగా అందని ముక్కల్ని ఫోను మళ్లీ మళ్లీ పంపాలి. డౌన్‌లోడ్ కూడా పూర్తిగా తప్పించుకోదు. రౌటరు పంపిన వాటికి ఫోను "అందింది" అని బదులివ్వాలి, ఆ బదులు వినబడకపోతే రౌటరు పంపిందే మళ్లీ పంపుతుంది.

ఇక్కడే చాలామంది రౌటరు సెట్టింగుల్లో `Transmit Power`ను `High`కి తోస్తారు. గీతలు పెరుగుతాయి, మనసు కుదుటపడుతుంది. ఫోను గొంతు మాత్రం పెరగదు. అప్‌లోడ్ ఎక్కడుందో అక్కడే ఉంటుంది.

మరి తగ్గిస్తే? ఒకే రౌటరున్న ఇంట్లో తగ్గించినా అప్‌లోడ్ బాగుపడదు. గీతలు కాస్త నిజం చెబుతాయి, అంతే. తగ్గించడం పనికొచ్చేది రెండు మూడు యాక్సెస్ పాయింట్లున్న చోట. ఐఫోను ఉన్న కనెక్షన్ మైనస్ 70 కంటే పడిపోయాకే మరో యాక్సెస్ పాయింటు కోసం వెతుకుతుంది. పై అంతస్తులో రెండోది పెట్టినా, కిందిది మైనస్ 61తో అరుస్తుంటే ఫోను దాన్నే పట్టుకుని వేలాడుతుంది. కింది దాని శక్తిని 500 నుంచి 50 మిల్లీవాట్లకు దించితే ఫోనుకు అందేది మైనస్ 71. అప్పుడు వెతుకులాట మొదలై, దగ్గరున్న దానికి మారుతుంది. దూరం తగ్గింది కనుక ఫోను చిన్న గొంతు అక్కడ చక్కగా వినిపిస్తుంది. అన్నిటినీ `High`లో పెట్టి వెళ్లిపోయే ఇన్‌స్టాలర్లు ఈ మాట పట్టించుకోరు. అలాగని మరీ దించితే రెండింటి మధ్య ఎవరికీ అందని మూలలు మిగులుతాయి. దించాక ఇల్లంతా ఒకసారి తిరిగి చూసుకోవాలి.

రోగం ఇదేనా కాదా తేల్చుకోవడం తేలికే. రౌటరుకు రెండు మూడు గజాల్లో నిలబడి స్పీడ్ టెస్టు చేయాలి, తర్వాత మేడ మీద చేయాలి. రెండు చోట్లా అప్‌లోడ్ ఒకేలా నీరసంగా ఉంటే లోపం ప్లానులోనో, బయటి లైనులోనో వెతకాలి. కింద బాగుండి, పైన డౌన్‌లోడ్ కాస్త తగ్గి, అప్‌లోడ్ మాత్రం కుప్పకూలితే ఈ రెండు దిక్కుల తేడానే అనుమానించాలి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో వైఫై వివరాల పేజీ `Transmit link speed`, `Receive link speed` అని విడివిడిగా చూపిస్తుంది. కొన్ని రౌటర్లు తమకు ఒక్కో ఫోను ఎంత బలంగా వినిపిస్తోందో కూడా చెబుతాయి. ఫోనులో మైనస్ 61, రౌటరు పేజీలో అదే ఫోనుకు మైనస్ 73 కనిపిస్తే అనుమానం తీరినట్టే. అప్పుడు చేయాల్సింది రౌటరును మెట్ల దగ్గరికి జరపడమో, పై అంతస్తుకు తీగ లాగి మరో యాక్సెస్ పాయింటు పెట్టడమో.